పెన్నేరు గడ్డ వేరు ఎప్పుడు తవ్వాలి, తులసి ఆకు ఎక్కడ ఆరబెట్టాలి

[దృశ్యం: ఎర్ర చల్క నేల. మోకాలెత్తు మొక్కలు, కింది ఆకులు ఎండిపోయి, పల్చటి తొడుగుల్లో ఎర్రటి పండ్లు.]

నమస్కారం. మీరు చూస్తున్నది అశ్వగంధ. మన పల్లెల్లో పెన్నేరు గడ్డ అంటాం. ఈ పంటలో అమ్ముకునేది వేరు. కొనేవాళ్లు వేరు చేతిలోకి తీసుకుని మొదట చేసే పని దాన్ని విరిచి చూడడం. పటుక్కున విరిగి, లోపల తెల్లగా పిండిలా కనిపిస్తే మంచి ధర. పీచులా సాగినా, లోపల బోలుగా ఉన్నా, పసుపు తిరిగినా ధర పడిపోతుంది. ఆ తేడా చాలావరకు తవ్వే రోజుల్లోనూ, ఆ తర్వాత ఆరబెట్టే వారం పది రోజుల్లోనూ వస్తుంది. అందుకే విత్తడం గురించి తక్కువ చెప్పి, ఎక్కువ సేపు కళ్లం దగ్గర ఉందాం.

ముందు వాతావరణం. దేశంలో ఈ పంటకు పేరున్న ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్. అక్కడ ఇది వానాకాలం చివర్లో వేసే పంట. ఏడాదికి 500 నుంచి 800 మిల్లీమీటర్ల వాన చాలు. మన దగ్గర అనంతపురం, కర్నూలు వైపు తేలిక నేలలు దీనికి సరిపోతాయి. నీరు ఇంకిపోయే ఇసుక కలిసిన ఎర్ర నేల కావాలి. నీళ్లు నిలిచే నల్లరేగడిలో మాత్రం వేయకండి. వేరు కుళ్లుతుంది. కుళ్లకపోయినా బంకమట్టిలో వేరు తిన్నగా దిగక, పక్క వేర్లు ఎక్కువై, తవ్వేటప్పుడు ముక్కలవుతుంది.

జూలైలో వానలు కుదురుకున్నాక విత్తితే, మొక్క పెరిగే రోజుల్లో తేమ ఉంటుంది, వేరు ఊరే రోజుల్లో పొడి వాతావరణం దొరుకుతుంది. ఈ పంటకు కావలసింది ఆ వరసే. మన దగ్గర చిక్కు ఎక్కడంటే, అక్టోబరు, నవంబరు తుఫాన్లు. ముసురు పట్టి రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే మొక్క చివరల నుంచి ఎండుతూ వస్తుంది. కాబట్టి విత్తే ముందే వాలుకు తగ్గట్టు నీళ్లు బయటికి పోయే కాలువ తీసి ఉంచండి. బోరు ఉంది కదా అని తడి మీద తడి ఇవ్వకండి. పైన ఆకు గుబురుగా వస్తుంది, వేరు సన్నంగానే ఉండిపోతుంది.

[దృశ్యం: దగ్గర నుంచి ఒక పండు. తొడుగు విప్పితే లోపల నారింజ, ఎరుపు మధ్య రంగు.]

ఇప్పుడు అసలు విషయం. విత్తాక 150 నుంచి 180 రోజులకు పంట కోతకు వస్తుంది, అంటే జూలైలో విత్తితే డిసెంబరు, జనవరి. కానీ క్యాలెండరు చూసి కూలీలను పిలవకండి, మొక్కను చూడండి. రెండు గుర్తులూ కలిసి రావాలి. కింది ఆకులు ఎండి రాలుతుండాలి, పండ్లు ఎర్రబడి ఉండాలి. పండ్లు ఇంకా ఆకుపచ్చగా ఉండగానే తవ్వితే వేరు పల్చగా, నీరుగా ఉంటుంది. ఆరాక ముడుచుకుపోయి తూకం రాదు. మరీ ఆలస్యం చేస్తే వేరు కట్టెలా మారి పీచు పెరుగుతుంది. అనుమానంగా ఉంటే పొలంలో నాలుగు చోట్ల ఒక్కో మొక్క తవ్వి, వేరు విరిచి చూడండి. ఒక్క మూల చూసి మొత్తం చేను తవ్వేస్తే నష్టపోతారు. పల్లంలో ఉన్న మొక్కలు సాధారణంగా ఆలస్యంగా పండుతాయి.

నేల గట్టిగా ఉంటే ముందు రోజు పల్చగా ఒక తడి ఇచ్చి, తవ్వుగోలతో గానీ నాగలి సాలుతో గానీ వేరు తెగకుండా లేపండి. కాండాన్ని వేరు మొదలుకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన కోయండి. ఆకులు, కాండం ముక్కలు వేర్లలో కలపకండి. తూకం పెరుగుతుందని ఎవరైనా చెప్పినా వినకండి. వేరు సరుకులో ఆకు కలిసిందా అని కంపెనీలు ల్యాబ్‌లో చూస్తాయి. అశ్వగంధ మందుల్లో వేరు మాత్రమే వాడాలి, ఆకు వద్దు అని ఆయుష్ శాఖ 2021లో సూచన కూడా ఇచ్చింది. పండ్లు విడిగా కోసి, ఎండబెట్టి, నలిపి విత్తనం తీసుకోండి.

[దృశ్యం: తార్పాలిన్ మీద ఒకే వరసగా పరిచిన వేరు ముక్కలు.]

వేర్లకు మట్టి అంటి ఉంటే పారే నీళ్లలో ఒక్కసారి కడిగితే చాలు, తొట్టిలో నానబెట్టకండి. తర్వాత 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. లావు వేర్లు, సన్న వేర్లు ఇప్పుడే విడదీయండి. రెండూ కలిపి ఆరబోస్తే, సన్నవి పెళుసైపోయే సమయానికి లావువాటి లోపల ఇంకా తడి ఉంటుంది. పైకి ఎండినట్టే కనిపిస్తాయి, సంచిలోకి ఎక్కాక బూజు పడతాయి. ఒకే వరసగా పరిచి, రోజుకు రెండు సార్లు తిప్పండి. సాయంత్రం కుప్ప చేసి కప్పండి, మంచు తగలనివ్వకండి.

ఆరిందని ఎలా తెలుస్తుంది? పచ్చి వేర్లు 1 కిలో తూచి ఒక జల్లెడలో విడిగా పెట్టి, మిగతా వేర్ల పక్కనే ఎండబెట్టండి. పచ్చి వేరులో 60 శాతం నీరు ఉందనుకుందాం. అందులో గట్టి పదార్థం 400 గ్రాములు. తేమ 10 శాతానికి దిగితే జల్లెడలో ఉండే బరువు దాదాపు 445 గ్రాములు. ప్రతి సాయంత్రం తూచండి. 500 దగ్గర ఉంటే ఇంకా 20 శాతం తేమ ఉన్నట్టు, సంచి కట్టకూడదు. మీ నేలలో తేమ కాస్త అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి, వరసగా రెండు రోజులు బరువు మారకపోవడం, లావు వేరు కూడా పటుక్కున విరగడం, ఈ రెండూ చూశాకే గోనె సంచుల్లో నింపండి. సంచులు చెక్క బల్లల మీద, గోడకు దూరంగా పెట్టండి. పిండి ఉన్న వేరు కాబట్టి తడి తగిలితే పురుగు త్వరగా పడుతుంది.

[దృశ్యం: తులసి చేను, నిండా పూత.]

తులసికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ విలువంతా ఆకులోని నూనెలో ఉంటుంది, ఆ నూనె గాలిలో ఎగిరిపోయేది. అశ్వగంధ వేరును ఆరబెట్టిన ఎండలోనే తులసిని వేస్తే రంగు పోతుంది, వాసన పోతుంది. కాబట్టి కోత ఎండ ఉన్న రోజున, ఆరబెట్టడం మాత్రం నీడలో.

నాటిన సుమారు 90 రోజులకు, మొక్క నిండుగా పూసినప్పుడు మొదటి కోత తీయాలి. ఆ తర్వాత రెండు, రెండున్నర నెలలకొకటి. నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో కోస్తే పక్క కొమ్మలు మళ్లీ వస్తాయి. అంతకన్నా కిందికి, ముదురు కాండం దాకా కోస్తే చిగురు సరిగా రాదు. వాన పడిన మర్నాడు కోయకండి. తడి ఆకు కుప్పలో గంటల్లోనే వేడెక్కి నల్లబడుతుంది. మంచు ఆరాక, ఉదయం పది తర్వాత మొదలుపెట్టండి.

నూనె తీయించేవాళ్లు కోసిన కొమ్మల్ని నాలుగైదు గంటలు నీడలో వాడనిచ్చి డిస్టిలేషన్‌కు పంపుతారు. ఎండు ఆకుగా అమ్మేవాళ్లు గాలి ఆడే షెడ్డులో, వెదురు తడికెల మీద పల్చగా పరవాలి. డ్రయ్యర్ వాడితే 40 డిగ్రీలు దాటనివ్వకండి. ఆకు గలగలమని నలిగి, రంగు ఆకుపచ్చగా ఉండి, అరచేతిలో నలిపితే ఘాటైన లవంగపు వాసన వస్తే పని అయింది. గోధుమ రంగు తిరిగితే ఎండ తగిలినట్టు లేదా కుప్పలో ఉడికినట్టు. అలాంటిది మంచి సరుకులో కలపకుండా విడిగా పెట్టి, ఏ కోత, ఏ తేదీ అని ప్రతి సంచి మీదా రాయండి.