ప్రమోషన్ ఏరియర్స్: లెక్క ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు?

నమస్కారం. "నాకు ప్రమోషన్ వచ్చింది, ఏరియర్స్ ఇప్పించగలరు." చాలా అర్జీల్లో ఇంతకు మించి ఏమీ ఉండదు. ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అన్నది రాయకపోతే అకౌంట్స్ వాళ్లు తమకు కనిపించిన తేదీతో లెక్క కడతారు. ఎక్కువగా కనిపించేది ఆర్డర్ పైన ఉన్న తేదీయే. డబ్బు పోయేది అక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. ఆర్డర్ మే 20న వచ్చింది. లోపల మాత్రం "మార్చి 16 నుంచి అమలు" అని ఉంది. కొత్త జీతం జూలై నెల నుంచి పడింది. నెలకు తేడా 6,200.

ఇందులో మూడు తేదీలున్నాయి. మన లెక్క మొదలయ్యేది అమలు తేదీ నుంచి, ముగిసేది కొత్త జీతం మొదలైన రోజుకు ముందురోజుతో. అంటే మార్చి 16 నుంచి జూన్ 30 వరకు. "మార్చి నుంచి జూలై వరకు" అని రాయకండి. జూలై కలిసిందో లేదో ఎవరికీ అర్థం కాదు.

మార్చిలో 16వ తేదీ నుంచి 31 దాకా, రెండూ కలుపుకుంటే 16 రోజులు. 6,200ని 31తో భాగించి 16తో గుణిస్తే 3,200. ఏప్రిల్‌కి పూర్తిగా 6,200. మే మొదటి వారంలో రెండు రోజులు జీతం లేని సెలవు ఉందనుకోండి, 400 తగ్గి 5,800. జూన్‌కి 6,200. మొత్తం 21,400. అదే ఆర్డర్ తేదీ నుంచి లెక్క కడితే మేలో 12 రోజులకు 2,400, జూన్‌కి 6,200, కలిపి 8,600 మాత్రమే వస్తుంది. ఒక్క తేదీతో 12,800 తేడా!

కొన్నిచోట్ల నెలను 30 రోజులుగానే లెక్కిస్తారు. పాత పే స్లిప్‌లో జీతం కోత ఎలా పడిందో చూస్తే మీ దగ్గరి పద్ధతి తెలుస్తుంది. ఆర్డర్‌లో "బాధ్యతలు స్వీకరించిన రోజు నుంచి" అని ఉంటే మాత్రం అదే అమలు తేదీ. జాయినింగ్ రిపోర్ట్ కాపీ తప్పనిసరిగా జతచేయండి.

అర్జీలో ఇలా రాస్తే చాలు: "మే 20 నాటి ఆర్డర్ ప్రకారం నా పదోన్నతి మార్చి 16 నుంచి అమల్లోకి వచ్చింది. సవరించిన జీతం జూలై 1 నుంచి చెల్లిస్తున్నారు. మార్చి 16 నుంచి జూన్ 30 వరకు, రెండు తేదీలూ కలుపుకుని, రావలసిన బకాయి 21,400. నెలవారీ లెక్క జతచేశాను. ఈ మొత్తం మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను." తేదీలన్నిటికీ సంవత్సరం కూడా వేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బేసిక్‌లో శాతంగా వచ్చే అలవెన్సులుంటే వాటి తేడా కూడా కలపాలి. అడిగేది కోతలకు ముందు మొత్తం, కాబట్టి పన్ను పోయాక చేతికి తక్కువ వస్తుంది. ఆర్డర్ కాపీతో పాటు జూన్, జూలై పే స్లిప్‌లు పెట్టండి. డబ్బు పడ్డాక పే స్లిప్‌లో ఏరియర్స్ వరుస చూడండి, తేడా ఉంటే వాళ్ల నెలవారీ లెక్క అడిగి మీ కాగితం పక్కన పెట్టి చూసుకోండి. ముందుగా మార్చి రోజులే సరిచూడండి.