26వ సెకనులో వచ్చిన కాఫీ

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉన్నవారిలో చాలామంది చిన్న హోటళ్లు, టీ దుకాణాలు, బేకరీలు నడుపుతున్నవారు. మీ దుకాణం గురించి వీడియో తీయించి ఉంటారు, లేదా తీయించబోతున్నారు. ఎడిటర్ మొదటిసారి కూర్చి పంపే వీడియోను ఫస్ట్ కట్ అంటారు. అది చూశాక ఏం మార్చాలో మనం రాసి పంపే చీటీ గురించే ఈరోజు మాట్లాడతాను. విశాఖపట్నంలో నా కాఫీ దుకాణానికి చేయించిన వీడియోనే ఉదాహరణగా తీసుకుంటాను.

అనుకున్నది 45 సెకన్ల నిలువు వీడియో. వచ్చిన ఫస్ట్ కట్ 72 సెకన్లు. చూడగానే నేను పంపిన జవాబు ఇది: "బాగుంది, కానీ కొంచెం నీరసంగా ఉంది. ఇంకా చురుగ్గా రావాలి." రెండు రోజుల తరువాత రెండో కట్ వచ్చింది. అందులో పాట వేగం పెరిగింది, షాట్లు గబగబా మారుతున్నాయి, రంగులు మరింత ముదిరాయి. నాకు అది ఇంకా నచ్చలేదు. ఎడిటర్ అబ్బాయి ఫోన్ చేసి, "మేడమ్, మీకు ఏ సెకను దగ్గర విసుగు పుట్టిందో చెప్పండి, చాలు" అన్నాడు. సరైన ప్రశ్న అది. ఆ రాత్రి దుకాణం మూసి, మళ్లీ ఆ 72 సెకన్ల ఫస్ట్ కట్‌నే తెరిచి, కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిసారి ఎక్కడా ఆపకుండా, కలం ముట్టుకోకుండా చూశాను. నా చూపు తెరమీద నుంచి ఎక్కడ పక్కకు పోయిందో మాత్రం గుర్తు పెట్టుకున్నాను. రెండోసారి ఆపుతూ, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఏముందో రాసుకున్నాను. అలా రాశాక నీరసం ఎక్కడి నుంచి వస్తోందో కాగితం మీదే కనిపించింది. మొదటి 5 సెకన్లు మా దుకాణం గుర్తు తిరుగుతూ వస్తుంది. తరువాత 7 సెకన్లు పైనుంచి తీసిన సముద్రతీరం. ఆ తరువాత 6 సెకన్లు మా బోర్డు, తలుపు. ఇంకో 8 సెకన్లు కాఫీ తోట. అప్పటికి 26 సెకన్లు అయ్యాయి, ఇంకా కాఫీ కనిపించలేదు. పాట వేగం పెంచితే ఇది సర్దుకోదు. కాఫీ దుకాణం వీడియోలో కాఫీ కోసం అంతసేపు ఎవరూ ఆగరు, వేలితో పైకి తోసేస్తారు.

నేను రాసిన చీటీ మొదటి భాగం చదువుతాను.

"0:00 నుంచి 0:12 దాకా తీసేయండి. గుర్తు చివర్లో ఎలాగూ వస్తుంది. 0:41 దగ్గర గ్లాసులోకి పాలు పడుతున్న షాట్ 3 సెకన్లు ఉంది, దాన్ని మొదట పెట్టండి. 0:12 దగ్గరి బోర్డు 2 సెకన్లు చాలు. 0:18 నుంచి తోట మొత్తం వద్దు, కారణం కింద రాశాను. 0:26 నుంచి 0:47 దాకా కాఫీ కలిపే భాగాన్ని కుదించవద్దు, 21 సెకన్లూ ఉండాలి. అక్కడ ఖాళీ అయిన 3 సెకన్లకు వేరే షాట్ చూసుకోండి. 0:47 నుంచి బల్లల దగ్గర కూర్చున్నవారు 13 సెకన్లు ఉన్నారు, 8 చేయండి. అందులో పాప ముఖం కనిపించే షాట్ తప్పక తీసేయండి, వాళ్ల అమ్మగారిని మనం అడగలేదు. చివరి 12 సెకన్లు, నేను మాట్లాడే భాగం, అలాగే ఉండాలి."

కూడి చూడండి: 3, 2, 21, 8, 12. మొత్తం 46 సెకన్లు. ఒక్క సెకను ఎక్కువ, దాన్ని ఎక్కడ తగ్గించాలో ఎడిటర్ చూసుకుంటాడు. పంపే ముందు ఇలా కూడి చూడటం అవసరం. లేకపోతే ఇది పెంచండి, అది కూడా పెంచండి అని రాసి, చివర్లో మొత్తం తగ్గించండి అంటాం.

ఈ చీటీలో రంగు గురించి, పాట గురించి మొదట ఏమీ రాయలేదని గమనించారా? ఎడిటర్ ముందు షాట్ల వరుస, నిడివి తేల్చుకుంటాడు. ఆ తరువాతే శబ్దం, రంగు, అక్షరాలు. తోట షాట్ పచ్చదనం తగ్గించమని నేను అడిగి, మరుసటి వారం ఆ షాటే వద్దంటే, అతని ఒక పూట పని చెత్తలోకి పోతుంది. అందుకే వరుసకు సంబంధించినవన్నీ ముందు, మిగిలినవి వెనుక.

ఇప్పుడు తోట సంగతి. నేను వాడేది అరకు గింజ. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచుతారు, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. వీడియోలోని తోట మాత్రం నీడ చెట్టు ఒక్కటీ లేకుండా, మండుటెండలో, చూసినంత మేర సమతలంగా వరుసలు తీరి ఉంది. ఎడిటర్ డబ్బు కట్టి కొనుక్కున్న షాట్ అది. అందులో అతని తప్పు లేదు, అరకు తోట ఎలా ఉంటుందో నేను ముందే చెప్పలేదు. కానీ విశాఖలో ఈ వీడియో చూసేవారిలో అరకు రైలెక్కనివారు ఎంతమంది? ఒక్కరు గుర్తుపట్టినా నా గింజ మీదే అనుమానం వస్తుంది. ఆ షాట్ మీద "నూరు శాతం స్వచ్ఛమైన అరకు కాఫీ" అని కూడా ఉంది. మా పొడిలో 20 శాతం చికోరీ కలుపుతాం. ఆ చిక్కదనం, ఆ రంగు దాని వల్లే వస్తాయి. చికోరీ కలిపిన కాఫీ పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలనీ నిబంధన ఉంది. ప్యాకెట్ మీద ఒకటి, వీడియోలో ఒకటి చెప్పే పని నేను చేయను. కాబట్టి చీటీలో ఇలా రాశాను: "ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, వాస్తవానికి సంబంధించినది. తప్పక మారాలి. కొత్త మాట: అరకు కాఫీ 80, చికోరీ 20."

ఇలాంటి తప్పు ఎడిటర్ కంటికి ఆనదు, మన కంటికే ఆనుతుంది. కాఫీ కలిపే భాగంలో ఇంకొకటి దొరికింది. 0:30 దగ్గర గ్లాసులో డికాక్షన్ పోస్తున్నాం. 0:34 దగ్గర ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, వేడినీళ్లు పోస్తున్నాం. డికాక్షన్ చుక్కచుక్కగా దిగడానికి పావుగంట పడుతుంది, దిగకముందే పోయడం ఎలా? రెండు షాట్లూ అందంగానే ఉన్నాయి, వరుసే తలకిందులైంది. 0:45 దగ్గర నురుగు చప్పబడిన గ్లాసు ఉంది. కెమెరా కదలిక అందులో సాఫీగా ఉందని అతను దాన్ని ఎంచుకున్నాడు. నేను పాత షాట్లన్నీ చూసి, నురుగు నిలిచి ఉన్నదాని పేరు రాసి పంపాను. కెమెరా కొంచెం అదిరినా, చూసేవారి కన్ను ఆ నురుగు మీదే ఉంటుంది.

ఒకచోట నేను పొరబడ్డాను. పాలు పడే షాట్‌ను నెమ్మదిగా చేయమని రాశాను. అతను వివరించాడు: ఆ షాట్ సెకనుకు 25 ఫ్రేములతో తీసింది. దాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపాలి, పాల ధార తెగితెగి పడుతున్నట్టు కనిపిస్తుంది. సెకనుకు 50 ఫ్రేములతో తీసినదైతే సగానికి తగ్గించినా ధార సాఫీగా సాగుతుంది. అప్పటి నుంచి నేను "నెమ్మదిగా చేయండి" అని రాయను. "పాలు పడటం కంటికి ఇంకాసేపు ఆనాలి, వీలవుతుందా?" అని అడుగుతాను. నాకు ఏం కావాలో, ఎందుకు కావాలో చెప్పడం నా పని. దారి అతనికి తెలుసు. అతను వెతికితే 50 ఫ్రేములతో తీసిన షాట్ ఒకటి దొరికింది కూడా.

రంగు విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. రాత్రి చూసినప్పుడు వీడియో మొత్తం పసుపుగా అనిపించి, అలాగే రాయబోయాను. తీరా చూస్తే నా ఫోనులో తెరను పసుపుగా మార్చే రాత్రి వెలుగు పెట్టి ఉంది. అది ఆపి, తెర వెలుగు పూర్తిగా పెంచి మళ్లీ చూశాను. పసుపు తగ్గింది కానీ కాఫీ ఇంకా ఎర్రగానే ఉంది. "ఎరుపు తగ్గించండి" అంటే ఎంత తగ్గించాలి? అందుకే షాట్‌లోనే ఉన్న వస్తువును కొలతగా ఇచ్చాను: "వెనుక గోడ పలకలు తెల్లవి. అవి తెల్లగా కనిపించేదాకా సరిచేయండి, కాఫీ రంగు దానంతట అదే దారికి వస్తుంది."

శబ్దానికి మూడుసార్లు చూడాలి. ఒకసారి హెడ్‌ఫోన్లతో, ఒకసారి ఫోను స్పీకరుతో, ఒకసారి అసలు శబ్దం లేకుండా. హెడ్‌ఫోన్లలో నా మాట స్పష్టంగా ఉంది, ఫోనులో మాత్రం పాట దాన్ని మింగేసింది. "1:00 నుంచి నా మాట కింద పాట బాగా తగ్గాలి, ఫోను స్పీకరులో విని చూడండి" అని రాశాను. డికాక్షన్ చుక్క పడే చప్పుడు కూడా కావాలన్నాను. తీసిన రోజు మిక్సీ మోత వల్ల అది దొరకలేదు. మూసేశాక నేనే ఫోను దగ్గరగా పెట్టి ఆ చప్పుడు రికార్డు చేసి పంపాను.

ఇక తెలుగు అక్షరాలు. "ఫిల్టర్" అన్న మాటలో ట వత్తు ల కింద చేరకుండా, పొల్లుతో విడిపోయి పక్కన పడింది. మాటలను ఫోటో తీసి పంపితే ఎడిటర్ చూసి టైపు చేయాలి, అక్కడ అచ్చుతప్పులు వస్తాయి. టైపు చేసి పంపితే తీసి అతికించుకుంటాడు. అయినా వత్తు విడిపోతోందంటే లోపం మన మాటలో లేదు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో అక్షరాల అమరికకు `South Asian and Middle Eastern` అనే ఎంపిక ఉంటుంది, దాన్ని పెట్టుకోవాలి. ప్రతి మాటనూ తెరమీద చదివి చూడండి, ముఖ్యంగా వత్తులు. చిరునామా తెర అడుగున 2 సెకన్లే ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అడుగున ఖాతా పేరు, వివరణ వచ్చి దాన్ని కప్పేస్తాయి. "కొంచెం పైకి జరపండి, నింపాదిగా రెండుసార్లు చదవగలిగినంతసేపు ఉంచండి" అన్నాను. అది 4 సెకన్లకు వచ్చింది.

ఈ చీటీ పంపే ముందు మా వారికి, కౌంటరు చూసే మా తమ్ముడికి చూపించాను. మా వారికి సముద్రం ఉండాలి, తమ్ముడికి వద్దు. ఆ వాదన మా ఇంట్లోనే తేల్చుకున్నాం, ఎడిటర్ దాకా పోనివ్వలేదు. ముగ్గురు మూడు సందేశాలు పంపి ఉంటే అతను ఎవరి మాట వినాలి?

చీటీ చివర ముట్టుకోకూడనివి కూడా రాశాను. నచ్చినదాని గురించి మనం ఏమీ చెప్పకపోతే, మార్పుల్లో అదీ కొట్టుకుపోవచ్చు. ఆఖరి వాక్యం ఇది: "0:28 దగ్గర కిటికీ వెలుగులో ఇత్తడి ఫిల్టర్ మీద నుంచి ఆవిరి లేస్తోంది. ఆ షాట్ సరిగ్గా ఇలాగే ఉంచండి, దాని మీద పాట కూడా వద్దు."