షాపు మూసేశాక మిగిలిన డబ్బు సగం సగమేనా? ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ ట్రూప్ బజార్ నుంచి. చెప్పండన్నా, ఆడిటర్ గారు లైన్‌లోనే ఉన్నారు.

శ్రోత: నమస్తే సార్. నేనూ నా దోస్తూ కలిసి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడిపినం. ఇద్దరికీ నచ్చే మార్చి 31కి మూసేసినం, కొట్లాటేం లేదు. అసలు కొట్లాట ఇప్పుడు మొదలైంది. సరుకంతా అమ్మేస్తే ఖర్చులు పోను బ్యాంకులో పదహారున్నర లక్షలు ఉన్నయి. మావాడేమంటడంటే, సప్లయర్లకు 7 లక్షలు ఇద్దాం, వాళ్లావిడ షాపుకిచ్చిన 2 లక్షలు ఆమెకిద్దాం, వాడు అప్పుగా పెట్టిన 3 లక్షలు వాడికియ్యాలె, మిగిలిన నాలుగున్నర చెరి సగం అని. నేను పెట్టిన పెట్టుబడి 12 లక్షలు సార్! రెండు లక్షల పాతిక వేలు పట్టుకుని ఇంటికి పోవాల్నా?

ఆడిటర్: అక్కర్లేదు. కానీ లెక్క చూడకుండా ఎంత వస్తుందో చెప్పలేను. మూసేసిన రోజు బ్యాలెన్స్ షీట్ ఉందా దగ్గర?

శ్రోత: ఉంది సార్. సరుకు 15 లక్షలు, ఉద్దెర బాకీలు 8, ట్రాలీ ఆటో రెండున్నర, ర్యాకులు కౌంటర్లు కలిపి లక్షన్నర, బ్యాంకులో ఒక లక్ష. మొత్తం 28.

ఆడిటర్: అటువైపు?

శ్రోత: సప్లయర్లకు 7, వాళ్లావిడకు 2, వాడి అప్పు 3, నా పెట్టుబడి 12, వాడి పెట్టుబడి 4.

ఆడిటర్: సరిపోయింది, 28. లాభనష్టాలు ఎలా పంచుకోవాలని డీడ్‌లో రాసుకున్నారు?

శ్రోత: సగం సగం. కానీ ఇప్పుడు ఇంకో మాట కూడా అంటున్నడు, పెట్టుబడి నీదే ఎక్కువ కాబట్టి నష్టం కూడా నీకే ఎక్కువ పడాలె అని.

ఆడిటర్: డీడ్‌లో సగం అని ఉంటే నష్టమూ సగమే. మూడు వంతులు మీరు పెట్టారని మూడు వంతుల నష్టం మీ మీద పడదు. ఇది భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్‌లోనే ఉంది, 1932 నాటి చట్టం. డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే ఆ సెక్షన్ ప్రకారమే పోవాలి. సరే, ఇప్పుడు దేనికి ఎంత వచ్చిందో చెప్పండి.

శ్రోత: సరుకు అమ్మితే 9 లక్షలు వచ్చినయి, పాత మోడల్ స్విచ్చులు ఫ్యాన్లు ఎవరూ తీస్కోలే. బాకీల్లో 6 వసూలైనయి. ర్యాకులు లక్షకు పోయినయి. అన్నిటికీ కలిపి ఖర్చు యాభై వేలు అయింది. ట్రాలీ మావాడే తీసుకపోయిండు.

ఆడిటర్: ఎంతకు?

శ్రోత: ఎంతకూ లేదు సార్, ఊరికే తీసుకపోయిండు.

ఆడిటర్: అక్కడ ఆగుదాం కాసేపు, ఎందుకంటే ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. షాపు మూసేటప్పుడు రియలైజేషన్ ఖాతా అని ఒకటి తెరుస్తాం. షాపు వస్తువులన్నీ వదిలించుకుంటే చివరికి లాభమా నష్టమా అని తేల్చడానికే అది, వేరే పనేం లేదు. డెబిట్ వైపు నగదు, బ్యాంకు తప్ప మిగతా ఆస్తులన్నీ పుస్తకాల్లో ఉన్న విలువకే వెయ్యాలి, అంటే మీ విషయంలో 27 లక్షలు. క్రెడిట్ వైపు బయటివాళ్లకు ఇవ్వాల్సింది, అంటే సప్లయర్ల 7, వాళ్లావిడ 2, మొత్తం 9. మీ పెట్టుబడులుగానీ, ఆయన ఇచ్చిన అప్పుగానీ ఇందులోకి రాకూడదు.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం సార్, ఆయన అప్పు రాదు, వాళ్లావిడ అప్పు వస్తుందా?

ఆడిటర్: వస్తుంది. ఆమె భాగస్వామి కాదు కదా. ఒకే ఇంట్లో ఉన్నా చట్టం దృష్టిలో ఆమె కూడా సప్లయర్ లాగా బయటి మనిషే. అన్నా, ఆ డబ్బు ఆమె బ్యాంకు నుంచి షాపు ఖాతాకి వచ్చిందా, పుస్తకాల్లో ఆమె పేరు మీదే ఉందా?

శ్రోత: చెక్కు ఆమెదే సార్. కానీ అది వాళ్లింటి డబ్బే కదా, మొగుడికీ పెళ్లానికీ తేడా ఏంది అని ఆపినం.

ఆడిటర్: ఆపకండి. ఈ విషయంలో మీ దోస్తు చెప్పిందే కరెక్టు, ఆమె 2 లక్షలు సప్లయర్లతో పాటే వెళ్లాలి. సరే, ట్రాలీ దగ్గరికి వద్దాం. భాగస్వామి ఏ వస్తువు తీసుకున్నా దాన్ని ఆయనకు అమ్మినట్టే లెక్క. ఒప్పుకున్న ధర రియలైజేషన్ ఖాతాలో క్రెడిట్ వైపు, ఆయన పెట్టుబడి ఖాతాలో డెబిట్ వైపు. ధర ఎంతో మీ ఇద్దరూ ఒప్పుకోవాలి, సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మేవాళ్లను ఇద్దరిని అడిగి రాయించుకోండి. ఎంత ఉంటుందనుకుంటున్నారు?

శ్రోత: లక్షన్నర పలుకుతుంది సార్, టైర్లు కొత్తయి.

ఆడిటర్: లక్షన్నర అనుకుందాం. ఇప్పుడు డెబిట్ వైపు కూడండి. ఆస్తులు 27, అప్పులు తీర్చడానికి 9, ఖర్చు అర లక్ష, మొత్తం ముప్పై ఆరున్నర. క్రెడిట్ వైపు అప్పుల 9, సరుకూ బాకీలూ ర్యాకులూ కలిపి వచ్చిన 16, ట్రాలీ ఒకటిన్నర, మొత్తం ఇరవై ఆరున్నర. తేడా 10 లక్షల నష్టం. తలా 5. ట్రాలీ రాయకపోతే ఆ నష్టం పదకొండున్నర అవుతుంది, పెరిగిన ఆ లక్షన్నరలో సగం, అంటే 75 వేలు, మీ జేబులోంచి పోతుంది. ఆయనకు బండి వచ్చింది, మీకు దాని నష్టంలో వాటా వచ్చింది!

శ్రోత: అయ్యయ్యో.

ఆడిటర్: ఇప్పుడు పెట్టుబడి ఖాతాలు. మీ 12లోంచి 5 పోతే 7 లక్షలు మీకు రావాలి. ఆయన 4లోంచి నష్టం 5, ట్రాలీ ఒకటిన్నర తీసేస్తే?

శ్రోత: మైనస్ రెండున్నర.

ఆడిటర్: అంటే ఆయనే షాపుకి రెండున్నర లక్షలు ఇవ్వాలి. ఆయనేమో చెరి సగం అంటున్నాడు.

వ్యాఖ్యాత: మరి ఆయన అప్పు 3 లక్షలు ఉంది కదా సార్, పెట్టుబడి కంటే అప్పు ముందు ఇవ్వాలంటారు కదా?

ఆడిటర్: ముందే, నిజమే. వరుస ఏంటంటే, మొదట బయటివాళ్లు పూర్తిగా. వాళ్లు తీరాక భాగస్వాములు పెట్టుబడి కాకుండా అప్పుగా ఇచ్చిన డబ్బు. ఆ తర్వాతే పెట్టుబడి. అదీ అయ్యాక ఏమైనా మిగిలితేనే లాభాల వాటా ప్రకారం పంచుకోవాలి. చెరి సగం అనే మాట ఆ ఆఖరి మెట్టులోనే వస్తుంది, మీ దగ్గర అక్కడికి చేరే డబ్బే లేదు. మీ దోస్తు పెట్టుబడి మెట్టు వదిలేసి ఆఖరి మెట్టుకి దూకేశాడు. ఇక బయటివాళ్లకే డబ్బు చాలకపోయి ఉంటే, నష్టాన్ని ముందు లాభాల్లోంచి, తర్వాత పెట్టుబడుల్లోంచి, అదీ చాలకపోతే మీరిద్దరూ ఇంటి నుంచి తెచ్చి కట్టాల్సి వచ్చేది.

శ్రోత: మరి 3 లక్షలు వాడికి ఇచ్చేయాల్నా?

ఆడిటర్: అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. 3 లక్షల చెక్కు ఇచ్చేసి, ఆనక రెండున్నర తెచ్చి కట్టు అని ఆయన వెనక తిరగడం ఎవడి వల్ల అవుతుంది? షాపు ఆయనకు 3 ఇవ్వాలి, ఆయన షాపుకి రెండున్నర ఇవ్వాలి. ఒకదాన్ని ఇంకోదానికి సర్దేస్తే ఆయనకు చేతికొచ్చేది యాభై వేలు. రద్దు ఒప్పందంలో ఈ సర్దుబాటు ఇంత అని అంకెతో సహా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, నోటి మాట మీద వదలొద్దు. ఇప్పుడు బ్యాంకు చూడండి. పదహారున్నరలో బయటివాళ్లకు 9 పోతే ఏడున్నర. ఆయనకు యాభై వేలు, మీకు 7 లక్షలు. రూపాయి మిగల్లేదు, రూపాయి తగ్గలేదు. లెక్క సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకోవడానికి ఇదే గుర్తు. చివర్లో ఏదైనా మిగిలిందంటే ఎక్కడో ఏదో రెండు వైపులా పడలేదని అర్థం, మళ్లీ మొదటి నుంచి చూసుకోండి.

శ్రోత: ఏడు లక్షలా! నాకు కాళ్లు చేతులు ఆడతలేవు సార్. వాడు ఒప్పుకుంటడా అనే టెన్షన్.

ఆడిటర్: 48వ సెక్షన్ ప్రింట్ తీసి ముందు పెట్టండి, అరుచుకోకండి. ఒకటి మాత్రం అడగాలి. వసూలు కాని ఆ 2 లక్షల ఉద్దెర ఎవరిదో రాసుకున్నారా? రేపు ఏ ఎలక్ట్రీషియనో వచ్చి 40 వేలు చేతిలో పెడితే అది ఎవరికి చిక్కితే వాళ్లది కాదు. పుస్తకాల్లో కొట్టేసినా సరే అది షాపు డబ్బే, ఆఖరి మెట్టుకి వచ్చినట్టు, సగం సగం. దాన్నీ ఒప్పందంలో రాయండి.

శ్రోత: షాపు పేరు మీద వాడు మళ్లా సరుకు తెస్తే?

ఆడిటర్: మంచి ప్రశ్న. రద్దయినట్టు పబ్లిక్ నోటీసు ఇచ్చే దాకా, షాపు ఇంకా నడుస్తోందనుకుని సరుకిచ్చినవాడు మిమ్మల్ని కూడా అడగొచ్చు. మీది రిజిస్టర్ అయిన సంస్థ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజెయ్యాలి, గెజిట్‌లో రావాలి, మీ జిల్లాలో నడిచే తెలుగు పేపర్ ఒకదాంట్లోనైనా వెయ్యాలి. దానితో పాటు మీ సప్లయర్లకు విడివిడిగా ఉత్తరాలు పంపండి, పేపర్ నోటీసు ఎవరు చదువుతారు చెప్పండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు కూడా అప్లై చెయ్యండి. పన్ను బాకీ ఏదైనా తేలితే అది సప్లయర్ల లాగే బయటి అప్పు, కాబట్టి అది తేలే దాకా మీ 7 లక్షల్లో కొంత షాపు ఖాతాలోనే ఉంచండి.

శ్రోత: ఉంటా సార్, శాన థ్యాంక్స్.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్, కూకట్‌పల్లి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: సార్, మా తమ్ముడికీ ఇలాంటి తగాదానే, టిఫిన్ సెంటర్ మూసేశారు. కానీ వాళ్లు సంస్థను రిజిస్టర్ చెయ్యనేలేదు. రిజిస్టర్ చెయ్యకపోతే కోర్టుకు పోవడానికి లేదంట కదా?

ఆడిటర్: సగం నిజం అమ్మా. నడుస్తున్న షాపులో భాగస్వామి మీద తన హక్కు కోసం దావా వేయడానికి రిజిస్ట్రేషన్ లేకపోతే ఇబ్బందే, భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. కానీ అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. రద్దు చేయమని అడగడానికీ, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చి తన వాటా ఇప్పించమనడానికీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మీ తమ్ముడి దగ్గర డీడ్ ఉందా?

శ్రోత: స్టాంపు పేపరు మీద రాసుకున్నారు సార్, నోటరీ కూడా ఉంది.

ఆడిటర్: అది జాగ్రత్తగా దాచమనండి. దానితో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్లు, సరుకు కొన్న బిల్లులు. పెనాలూ గ్రైండరూ ఎవరు తీసుకెళ్లారో, ఏ రోజు తీసుకెళ్లారో ఇప్పుడే ఫోటోలతో సహా రాసిపెట్టుకోమనండి.