ఆ ఐపీ ఎవరింటిది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించాలి. వెబ్‌సైట్ల నుంచి పేజీలను వరసగా లాగే ప్రోగ్రామును, అంటే స్క్రేపర్‌ను, ఎలా రాయాలో ఇందాక విన్నారు. నేను సర్వర్ దగ్గర కూర్చునేవాణ్ని. అక్కణ్నుంచి మీరెలా కనిపిస్తారో చెబుతాను.

బ్రౌజర్ పేరు మార్చి చెప్పొచ్చు, కుకీలు చెరిపేయొచ్చు. పేజీ చేతికి రావాలంటే మాత్రం జవాబు చేరే ఐపీ అడ్రసు ఒకటి ఉండి తీరాలి. అందుకే మా లెక్కలు దాని మీదే నడుస్తాయి. అడ్రసుకు నిమిషానికి 60 రిక్వెస్టులని హద్దు పెట్టామనుకోండి. దాటితే ఈ జవాబు వెళ్తుంది:

```
HTTP/1.1 429 Too Many Requests
Retry-After: 120
```

120 సెకన్లు ఆగి రమ్మంటున్నాం, అంతే. ఆగితే పేచీయే లేదు.

కానీ మీకు నిమిషానికి 600 పేజీలు కావాలి. మీ బదులు తమ అడ్రసు నుంచి రిక్వెస్టు పంపే మధ్యవర్తులను, అంటే ప్రాక్సీలను, 200 తెచ్చి రిక్వెస్టుకొకటి చొప్పున తిప్పుతారు. ఒక్కో అడ్రసు నుంచి వచ్చేవి మూడే, నా హద్దుకు ఏదీ తగలదు. సర్వర్ మోసేది మాత్రం ఆ 600 పేజీల బరువే. డేటా సెంటర్ అడ్రసులైతే సాధారణంగా గుంపులుగా ఉంటాయి కాబట్టి, 256 అడ్రసులుండే /24 బ్లాకు మొత్తాన్ని ఒక్క రూలుతో ఆపేస్తాను. అడ్రసులు చెల్లాచెదురుగా ఉన్నా సురక్షిత కనెక్షన్ మొదట్లో జరిగే పలకరింపు, అంటే టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్, అన్నిట్లోనూ ఒకే అచ్చులో ఉంటే, వెనకున్నది ఒకే ప్రోగ్రామేమోనని అనుమానం వస్తుంది.

అప్పుడు మీరు రెసిడెన్షియల్ ప్రాక్సీలు కొంటారు. నేనివాళ వచ్చిందే దీని గురించి మాట్లాడటానికి. అవి జనం ఇళ్లలోని కనెక్షన్లు. వాటిని మీకు ఎవరిచ్చారు? డబ్బు తీసుకుని, తెలిసే ఇచ్చేవాళ్లూ ఉన్నారు, కాదనను. తెలియనివాళ్ల సంగతో? 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 S5 అనే ప్రాక్సీ నెట్‌వర్కును మూయించింది. ఉచిత వీపీఎన్ పేరుతో జనం కంప్యూటర్లలోకి దూరి, కోటి 90 లక్షలకు పైగా ఐపీ అడ్రసులను వాడుకుందది. వాటిని అద్దెకు తీసుకున్నవాళ్లు మోసాలకు దిగితే, జాడ చేరేది ఏ పాపం తెలియని ఇంటి గడపకి!

ఇంకోటి వినండి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక ఎందరో ఉంటారు. మీ ప్రాక్సీ అందులోంచి వచ్చి, నేను ఆ అడ్రసును ఆపితే అందరికీ తలుపు మూసినట్టే. ఆ మధ్య ఒక పాఠకురాలు రాసింది: “నేనేం చేశానండీ, పేజీ తెరిస్తే అనుమతి లేదంటూ 403 వస్తోంది?” ఆవిడకు ఏమని జవాబు చెప్పాలి? మీలో ఎవరైనా చెప్పండి.

ప్రాక్సీ అంటేనే తప్పనడం లేదు. ఏ దేశంలో ఏ ధర చూపిస్తున్నారో పరిశీలించాలంటే అక్కడి అడ్రసు కావాల్సిందే. దానికి పది అడ్రసులు చాలు, వేగమూ అక్కర్లేదు. హద్దును తప్పించుకోవడానికే తిప్పుతున్నారా, అది వేరే పని. కొనేముందు అమ్మేవాణ్ని అడగండి: ఈ ఇంటివాళ్ల ఒప్పుకోలు ఏ స్క్రీన్ మీద, ఏ మాటల్లో తీసుకున్నావని. ఆ స్క్రీన్ చూపించమనండి.