కావోమోజి ముఖాలు: ముందు కళ్లు చూడండి, తర్వాత కనుబొమలు

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. సూటిగా స్క్రీన్ మీదకి వచ్చేద్దాం. ఇదిగో, ఇది.

(^_^)

మెడ వంచక్కర్లేదు. ఇంగ్లీషు :-) కి తల పక్కకి తిప్పాలి కదా, అది 1982లో అమెరికాలో మొదలైంది. ఈ నిటారు ముఖం 1986లో జపాన్‌లో, ఆస్కీ నెట్ అనే నెట్‌వర్క్‌లో కనిపించింది. వీటినే అక్కడ కావోమోజి అంటారు. సరే, చరిత్ర చాలు.

ఇప్పుడు దీని పక్కన ఇంకోటి పెడుతున్నా.

(T_T)

నోరు అదే గీత, మారలేదు. కళ్లు మాత్రం మారాయి, టీలో కిందకి దిగే గీత అంటే కారుతున్న కన్నీళ్లు. కాబట్టి నోటి దగ్గర మొదలుపెట్టొద్దు, కళ్ల దగ్గర మొదలుపెట్టండి. (>_<) అంటే కళ్లు గట్టిగా మూసుకోవడం, "అబ్బా!" అన్నట్టు. ఇవి తేలికే, ముందుకెళ్దాం. (^_^;) లో చివర సెమీకోలన్ చూశారా? అది చెమట బొట్టు. నవ్వు ఉంది, పక్కనే ఇబ్బంది కూడా ఉంది. దాన్ని ఉత్త నవ్వు అనుకుంటే మాట తిరగబడుతుంది.

ఇప్పుడు ఆగండి. చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే జూమ్ చేస్తున్నా. రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టాను.

(´・ω・｀)

(｀・ω・´)

ఒకేలా ఉన్నాయి కదా? మళ్లీ చూడండి. చుక్కలు కళ్లు, మధ్యలో ఒమేగా నోరు, అది రెండింట్లోనూ ఒకటే. చివర్లలో ఉన్న చిన్న గీతలే కనుబొమలు. పైదాంట్లో అవి ఇంటి కప్పులా ఉన్నాయి, ముక్కు వైపు ఎత్తుగా, బయటికి వాలుగా. అంటే దిగులు. దీన్ని షోబోన్ అంటారు. కిందదాంట్లో ముక్కు వైపు కిందకి దిగాయి. అది "రెడీ, చేసేద్దాం" అనే పట్టుదల, దీని పేరు షకీన్. గీతలు అటూ ఇటూ మారితే భావం పూర్తిగా మారిపోతుంది. ఫోన్‌లో చిన్నగా కనిపిస్తే జూమ్ చేసి మరీ చూడండి, సిగ్గేం లేదు.

ఇప్పుడు ఒక చాట్ చూద్దాం. తొమ్మిదింటికి కలిసి గేమ్ ఆడాలి. జపాన్ ఫ్రెండ్ నుంచి ఈ మెసేజ్ వచ్చింది.

遅れる m(_ _)m

ముందున్నది "ఆలస్యమవుతుంది" అని. అటూ ఇటూ ఉన్న ఎమ్‌లు నేల మీద ఆనించిన చేతులు, మధ్యలో వంచిన తల. అంటే గట్టిగానే సారీ చెప్తున్నాడు. మనం ఏం పంపాలి? షకీన్ పంపితే "వచ్చేయ్, నేను రెడీ" అని అర్థమవుతుంది. షోబోన్ పంపితే మనం అలిగినట్టుంటుంది, పాపం అతను ఇంకోసారి సారీ చెప్పాల్సి వస్తుంది. అదే అతను "అమ్మ హాస్పిటల్లో ఉంది" అని రాశాడనుకోండి, ఏ ముఖమూ వద్దు. మాటలే రాయండి. ఏడుపు ముఖం పెట్టినా ఆటలా కనిపిస్తుంది.

ఆఫీసు సంగతి. క్లయింట్‌కి, పెద్దవాళ్లకి రాసే మెయిల్లో ఇవేవీ వద్దు. తెలిసిన కొలీగ్స్‌తో చాట్‌లో అయితే, ముందు వాళ్లు వాడారా చూసి, తర్వాత మీరు వాడండి. ఇంకో మాట, (^_^;) లాంటివి ప్రతి వాక్యానికీ తగిలిస్తే జపాన్ కుర్రకారు నవ్వుకుంటారు. ఆ తీరుని "ఒజిసాన్ కోబున్" అంటారు, అంటే అంకుల్ స్టైల్ రాత అన్నమాట. ఒకటి చాలు.

చిన్న పక్కదారి. ఇది చూశారా?

ಠ_ಠ

"ఏంటిది?" అని గుర్రుగా చూసే ముఖం, ఇంగ్లీషు నెట్‌లో బాగా తిరిగింది. ఆ కళ్లు కన్నడ అక్షరం ఠ! మనం అయితే దాన్ని "ఠ... ఠ" అని చదివేస్తాం. నాకిది భలే ఇష్టం. అలాగే ¯\_(ツ)_/¯ లో ముఖం జపనీస్ లిపి కటకానాలోని అక్షరం "ట్సు". దీన్ని డిస్కార్డ్‌లో పెడితే ఒక చెయ్యి మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ బ్యాక్‌స్లాష్‌కి వేరే పని ఉంది. అప్పుడు ఇలా టైప్ చేయండి.

```
¯\\\_(ツ)_/¯
```

మూడు బ్యాక్‌స్లాష్‌లు, గుర్తుంచుకోండి.

టైప్ చేయడం గబగబా చెప్పేస్తా. విండోస్‌లో విండోస్ కీ, చుక్క కలిపి నొక్కండి, ప్యానెల్ వస్తుంది, అందులో కావోమోజి ట్యాబ్ ఉంటుంది. జపనీస్ కీబోర్డ్ పెట్టుకుంటే かお అని కొట్టి మార్పిడి చేస్తే ముఖాలు వరసగా వస్తాయి. నాకు నచ్చిన పద్ధతి మాత్రం ఫోన్‌లో పర్సనల్ డిక్షనరీ. షార్ట్‌కట్ దగ్గర shobon అని, పదం దగ్గర ఆ ముఖాన్ని పేస్ట్ చేసి సేవ్ చేస్తున్నా, చూడండి. ఇప్పుడు చాట్‌లో shobon అని కొడితే పైన సజెషన్‌లో ముఖం వచ్చేసింది. షకీన్‌కి వేరేగా ఇంకోటి పెట్టుకోండి, రెండూ ఒకే షార్ట్‌కట్ కింద పెట్టొద్దు, తొందరలో వేలు తప్పుదాని మీద పడుతుంది.