మంగళవారం మూడు గంటల యాడ్ ఆపేయొచ్చా? గంటల లెక్క చూసే పద్ధతి

[తెర మీద: గూగుల్ యాడ్స్ రిపోర్టు. అడ్డంగా 24 గంటలు, నిలువుగా 7 రోజులు. ఒక గడి ఎర్రగా వెలుగుతుంది.]

ఈ ఎర్ర గడి చూడండి. మంగళవారం, మధ్యాహ్నం 3 నుంచి 4. ఎనిమిది వారాల్లో 11 క్లిక్కులు వచ్చాయి, ఒక్క కాల్ కూడా రాలేదు. ఇలాంటి గడి కనబడగానే చాలామంది చేసే పని ఆ గంటకి యాడ్ ఆపేయడం. ఆపే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

విశాఖ గాజువాకలో ఏసీ రిపేర్ చేసే ఒక షాపు అనుకోండి. అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. ఎనిమిది వారాల్లో 1,680 క్లిక్కులు, 84 కాల్స్. అంటే నూటికి 5. క్లిక్కుకి సగటున 25 రూపాయలు, కాబట్టి ఒక కాల్‌కి 500.

[తెర మీద: 7 × 24 = 168]

వారానికి 168 గంటలు. 1,680 క్లిక్కుల్ని 168 గడుల్లో పంచితే గడికి పది. నూటికి ఐదు చొప్పున పది క్లిక్కులకి రావాల్సింది అర కాల్. అర కాల్ అంటూ ఉండదు కదా! కొన్ని గడుల్లో ఒకటి పడుతుంది, ఎక్కువ గడుల్లో సున్నా పడుతుంది. అన్ని గంటలూ సరిగ్గా ఒకేలా పనిచేస్తున్నా, ఈ పట్టికలో దాదాపు 100 గడులు సున్నాగానే కనిపిస్తాయి. మన మంగళవారం గడి కూడా అంతే. 11 క్లిక్కులకి సున్నా రావడం నూటికి 57 సార్లు జరిగే మామూలు విషయం. ఆ ఎరుపు రంగు ఆ గంట గురించి ఏమీ చెప్పడం లేదు.

కాబట్టి గడుల్ని విడివిడిగా చూడటం మానేసి, బ్లాకులుగా కలపాలి.

[తెర మీద: Insights and reports → Report editor. Day of the week, Hour of the day లాగి పట్టికలో పెడుతున్న దృశ్యం.]

రిపోర్ట్ ఎడిటర్‌లో ఏ రోజు, ఏ గంట అన్నవి రెండూ పెట్టుకుని, క్లిక్కులు, ఖర్చు, కన్వర్షన్లు తీసుకోండి. కన్వర్షన్ అంటే మన షాపుకి కాల్. తేదీలు నెలల లెక్కన కాకుండా పూర్తి వారాల లెక్కన పెట్టండి. లేకపోతే ఒక సోమవారం ఎక్కువ, ఒక గురువారం తక్కువ పడతాయి. చివరి వారం రోజులు వదిలేయండి. కన్వర్షన్స్ కాలమ్‌లో కాల్ ఎప్పుడొచ్చినా క్లిక్కు పడిన గంట ఖాతాలోనే చేరుతుంది. రాత్రి క్లిక్కు చేసి రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి కాల్ చేసేవాళ్ళు ఉంటారు, కాబట్టి కొత్త రోజులు నిజానికంటే బలహీనంగా కనిపిస్తాయి.

అకౌంట్ టైమ్ జోన్ కూడా చూసుకోండి. దుబాయ్‌లో ఉన్న బంధువు తెరిచిపెట్టిన అకౌంట్ అయితే, రిపోర్టులో 10 అంటే విశాఖలో పదకొండున్నర.

బ్లాకులు ఎలా కలపాలి? అంకెలు చూసి కాకుండా, ఊరి దినచర్య చూసి, రిపోర్టు తెరవక ముందే రాసుకోవాలి. అంకెలు చూసి ఎర్ర గడులన్నీ ఏరి ఒక బ్లాకు చేస్తే అది బలహీనంగానే తేలుతుంది, మీరు ఏరిందే వాటిని కదా. గాజువాక వైపు స్టీల్ ప్లాంట్ షిఫ్టుల వాళ్ళు ఎక్కువ. మధ్యాహ్నం రెండుకి షిఫ్టు దిగి ఇంటికి చేరేవాళ్ళకి అప్పుడే తీరిక. వాళ్ళ వీక్లీ ఆఫ్ ఆదివారమే అన్న నియమం లేదు. అదే సిరిపురం ఆఫీసుల వాళ్ళయితే మధ్యాహ్నం వేరు, సాయంత్రం వేరు.

[తెర మీద: రెండు బ్లాకులు పక్కపక్కన.]

రెండు బ్లాకులు చూద్దాం. మొదటిది సోమ–శుక్ర, మధ్యాహ్నం 2–4: 60 క్లిక్కులు, 1 కాల్. రెండోది రోజూ రాత్రి 11 నుంచి తెల్లవారి 5: 160 క్లిక్కులు, 1 కాల్. మధ్యాహ్నం 1,500 రూపాయలకి ఒక కాల్, అంటే సగటుకి మూడింతలు. రెండూ ఆపేయాలనే అనిపిస్తుంది. షీట్‌లో ఇది వేయండి:

```
=BINOM.DIST(1,60,0.05,TRUE)
=BINOM.DIST(1,160,0.05,TRUE)
```

ఈ ఫార్ములా అడిగేది ఒక్కటే: ఈ గంటలు నిజంగా మిగతావాటిలాగే ఉంటే, ఇంత తక్కువగా రావడానికి అవకాశం ఎంత? మధ్యాహ్నానికి 0.19 వస్తుంది, దాదాపు అయిదింట ఒకటి. ఉన్న బ్లాకులు పది అయితే ఒకటో రెండో ఇలా ఊరికే కనిపిస్తాయి. రాత్రికి 0.003 కన్నా తక్కువ, వెయ్యికి మూడు కూడా లేదు. రాత్రి నిజంగా బలహీనం. మధ్యాహ్నం సంగతి ఇంకా తెలియదు.

ఫార్ములా లేకుండా చూడాలంటే, ఆ బ్లాకులో సగటున రావాల్సిన కాల్స్ ఎన్నో లెక్కేయండి. మధ్యాహ్నానికి 3, రాత్రికి 8. ఎనిమిది కన్నా తక్కువ రావాల్సిన బ్లాకు మీద మేం నిర్ణయం తీసుకోం. మరో ఎనిమిది వారాలు ఆగితే మధ్యాహ్నానికి 120 క్లిక్కులు పోగవుతాయి. రెండో విడతలో 4 కాల్స్ వచ్చాయంటే మొత్తం 5, అంటే నూటికి 4 పైనే. తొందరపడి ఆపి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు, ఎందుకంటే ఆపేసిన గంట నుంచి ఇక ఏ అంకే రాదు.

[తెర మీద: ఫోన్ మోగుతోంది. టైమర్ 41 సెకన్ల దగ్గర ఆగుతుంది.]

రాత్రి బలహీనమని తేలింది సరే, ఎందుకు బలహీనం? ఇక్కడ కొంచెం ఆగండి. కాల్‌ని కన్వర్షన్‌గా లెక్కించాలంటే అది ఇన్ని సెకన్లు సాగాలని ఒక సెట్టింగ్ ఉంటుంది. మీరు మార్చకపోతే అది 60 సెకన్లు. రద్దీ వేళ మెకానిక్ ఫోన్ ఎత్తి, "అడ్రస్ వాట్సాప్ చెయ్యండి సార్, మనిషిని పంపిస్తాం" అని 41 సెకన్లలో పెట్టేస్తాడు. పని దొరికింది, రిపోర్టులో మాత్రం సున్నా. రాత్రి అయితే అసలు ఫోన్ ఎత్తే మనిషే లేకపోవచ్చు. అందుకే కాల్ రిపోర్టులో ఆ గంటల్లో వచ్చినవీ, మిస్ అయినవీ, వాటి నిడివీ చూడండి. మిస్డ్ కాల్స్ ఉంటే గంటది తప్పు కాదు. రాత్రి కాల్ బటన్‌ని షెడ్యూల్‌తో తీసేసి, "పొద్దున్నే ఫోన్ చేస్తాం" అనే చిన్న ఫారం పెట్టి, మరో ఎనిమిది వారాలు చూడండి.

మిస్డ్ కాల్స్ కూడా లేవా? అప్పుడు తగ్గించండి. క్లిక్కుకి ఇచ్చే బిడ్ మాన్యువల్‌గా పెడుతుంటే ముందు సగానికి దించడం మేలు, కొద్దిగా అయినా అంకెలు వస్తుంటాయి. బిడ్‌ని గూగులే పెట్టే స్మార్ట్ బిడ్డింగ్‌లో ఉంటే గంటల వారీ బిడ్ శాతాలు పనిచేయవు, గంటని అది తనే లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ మీ చేతిలో ఉన్నది షెడ్యూల్‌లోంచి తీసేయడమే. ఒక రోజుకి ఆరు బ్లాకుల వరకే పెట్టుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. మీ బడ్జెట్ రోజూ సాయంత్రానికే అయిపోతుంటే, రాత్రి మిగిల్చింది పగటికి వెళ్తుంది. బడ్జెట్ అసలు పూర్తిగా ఖర్చవడం లేదంటే పగటికి కొత్తగా ఏమీ రాదు, ఎనిమిది వారాలకి 4,000 ఆదా అవుతుంది, అంతే.

[తెర మీద: క్యాలెండర్. ఒక ఆదివారం చుట్టూ గీత.]

వారాల లెక్కలో అసాధారణమైన రోజు ఏదైనా పడిందేమో చూడండి. హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకిన 2014 అక్టోబర్ 12 ఆదివారం. ఎనిమిది వారాల్లో అలాంటి ఒక్క ఆదివారం పడినా ఆదివారాల లెక్కలో ఎనిమిదో వంతు పాడైనట్టే. అలాంటి తేదీల్ని తీసేసి లెక్కేయండి.

ఇంకోటి, డిసెంబర్–జనవరి అంకెలతో రాత్రి ఆపి, మేలో అలాగే వదిలేయకండి. విశాఖ ఉక్కపోతలో రాత్రి పదకొండుకి ఏసీ ఆగిపోతే మనిషి ఫోన్ తీసేది అప్పుడే. రాత్రి బ్లాకుని మార్చి చివర్లో తిరిగి తెరిచి, వేసవి క్లిక్కుల్ని విడిగా పోగు చేయండి. కొత్త 160 క్లిక్కులు వచ్చాక, అదే ఫార్ములాలో 0.05 బదులు వేసవి సగటు పెట్టి మళ్ళీ వేయండి.