4/4 నుంచి 3/4కి: పాట మధ్యలో వినేవాళ్ల అడుగు తప్పకుండా మారడం

[ఆడియో: చరణం చివరి రెండు బార్లు 4/4లో, వెంటనే పల్లవి 3/4లో. మార్పు దగ్గర డ్రమ్స్ తడబడినట్టు వినిపిస్తుంది.]

ఇప్పుడు విన్నదాంట్లో టెంపో ఎక్కడా మారలేదు. క్లిక్ మొదటి నుంచి చివరి దాకా నిమిషానికి 100 దగ్గరే ఉంది. అయినా పల్లవి మొదలవగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు అనిపించింది కదా. ఆ తోపు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుందాం. తర్వాత ఇదే పాటను తోపు లేకుండా వాయిద్దాం.

[స్క్రీన్ మీద: ఒకే దూరంలో చుక్కలు. ముందు నాలుగేసి చొప్పున, తర్వాత మూడేసి చొప్పున గీతలతో విడదీసి.]

100 టెంపోలో ఒక్కో బీట్ 0.6 సెకన్లు. 4/4 బార్ అంటే 2.4 సెకన్లు, 3/4 బార్ అంటే 1.8 సెకన్లు. బీట్ అంతే ఉంది, బార్ మాత్రం పొట్టిదైంది. చరణంలో ఏ మైనర్, ఎఫ్, సి, జి బార్‌కి ఒకటి చొప్పున వచ్చాయి. పల్లవిలోనూ బార్‌కి ఒక కార్డ్ అనే లెక్కే ఉంచారు. దాంతో 2.4 సెకన్లకు ఒకసారి మారే కార్డ్ 1.8 సెకన్లకే మారిపోతోంది. వినేవాళ్లు బీట్లు లెక్కపెట్టుకుంటూ వినరు, కార్డ్ ఎప్పుడు మారుతుందో అది ఒంటికి తెలుస్తుంది. అందుకే టెంపో పెరిగిందన్న భ్రమ.

దీనికి మందు సులువే. పల్లవిలో ఒక్కో కార్డ్‌ని రెండు బార్లు ఆపండి. అప్పుడు కార్డ్ 3.6 సెకన్లు నిలుస్తుంది, పల్లవికి ఊపిరి ఆడుతుంది. రెండు బార్లు కలిపితే ఆరు బీట్లు. ఈ ఆరు అన్న సంఖ్యను గుర్తుపెట్టుకోండి, డ్రమ్స్ దగ్గర అదే అక్కరకొస్తుంది.

[ఆడియో: అదే మార్పు, కార్డ్ రెండేసి బార్లు ఆపి. డ్రమ్స్ ఇంకా పాత పద్ధతిలోనే.]

తోపు తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలింది స్నేర్ వల్ల.

4/4లో స్నేర్ రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పడుతుంది. కిక్ ఒకటి, మూడు మీద. అంటే కిక్, స్నేర్, కిక్, స్నేర్ అని బీట్ వదిలి బీట్ వస్తుంటాయి. వినేవాళ్ల ఒళ్లు దాని వెంటే కుడికీ ఎడమకీ ఊగుతుంది. 3/4లోకి రాగానే డ్రమ్మర్ మొదటి బార్ నుంచే ఒకటి మీద కిక్, మూడు మీద స్నేర్ వేస్తే ఆ ఊపు ఒక్కసారిగా తెగుతుంది. రెండు బీట్లకు ఒకసారి వచ్చే స్నేర్, ఏ కబురూ లేకుండా మూడు బీట్ల దూరం జరిగిపోతుంది.

కాబట్టి స్నేర్‌ని వెంటనే మార్చకండి. పల్లవి మొదటి రెండు బార్లలో పాత లెక్కనే నడవనివ్వండి.

[స్క్రీన్ మీద, ఒక్కో బీట్ వెలుగుతూ:]

```
          1      2      3
బార్ 1    కిక్    స్నేర్   కిక్
బార్ 2    స్నేర్   కిక్    స్నేర్
బార్ 3    కిక్    -      స్నేర్
బార్ 4    కిక్    -      స్నేర్
```

రెండో బార్ చూడండి. అక్కడ స్నేర్ ఒకటో బీట్ మీదే పడింది. విడిగా చూస్తే తప్పులా ఉంటుంది, డ్రమ్మర్ చెయ్యి కూడా మొదట్లో ఒప్పుకోదు. కానీ కార్డ్ రెండు బార్లు ఆపాం కాబట్టి అక్కడ కార్డ్ మారదు. ఆ ఒకటో బీట్‌కి పెద్ద బరువు లేదు, స్నేర్ అక్కడ పడినా చెవికి గుచ్చుకోదు.

అసలు మలుపు అదే బార్‌లోని మూడో బీట్ దగ్గర. ఆ స్నేర్ దెబ్బ పాత లెక్క ప్రకారమూ సరైనదే, ఎందుకంటే దాని ముందు స్నేర్ రెండు బీట్ల వెనకే ఉంది. కొత్త లెక్క ప్రకారమూ సరైనదే, ఎందుకంటే 3/4 పద్ధతిలో స్నేర్ ఉండాల్సింది మూడు మీదే. ఒకే దెబ్బకి రెండు నడకల్లోనూ చోటు దొరికింది. అక్కడి నుంచి కొత్త నడక మొదలుపెడితే వినేవాళ్లకి అతుకు కనిపించదు. మూడో బార్ ఒకటో బీట్ మీద కొత్త కార్డ్, దానితోపాటే కిక్.

ఇదంతా జరుగుతున్నంతసేపూ హై-హ్యాట్ బీట్‌కి రెండు చొప్పున ఆగకుండా ఉండాలి. మారని గొంతు ఒకటైనా వినపడాలి. చరణం చివర డ్రమ్మర్లు ఇష్టంగా వేసే పెద్ద ఫిల్ ఇక్కడ చేటు చేస్తుంది, ముఖ్యంగా ట్రిప్లెట్లతో బార్ అంతా నిండే ఫిల్. సరిగ్గా కాలప్రమాణం తెలియాల్సిన చోట అది చిన్న మాత్రలను కప్పేస్తుంది. ఫిల్ కావాలంటే చివరి ఒక్క బీట్‌కి కుదించండి.

[ఆడియో: స్నేర్ సరిచేసిన మార్పు, గొంతు లేకుండా.]

నడక కుదిరింది. కానీ ఇలా వింటే ఇది మూడు అని ఎవరికీ తెలియదు, డ్రమ్స్ ఇంకా నాలుగులాగే మాట్లాడుతున్నాయి. మూడు అని చెప్పాల్సిన పని గొంతుది. పల్లవి మొదటి రెండు బార్లలో స్వరాన్ని ఒకటి మీద ఎత్తి రెండు బీట్లు నిలిపి, మూడో బీట్ మీద చిన్న స్వరంతో పక్క బార్‌లోకి దించండి. పొడవు, పొట్టి, పొడవు, పొట్టి. సాహిత్యంలో బరువైన అక్షరం ఆ పొడవు స్వరం మీదే పడాలి. నా దృష్టిలో ఈ పని బేస్‌కి అప్పగించడం కన్నా గొంతుకి అప్పగించడమే మేలు, ఎందుకంటే వినేవాళ్లు ముందు పట్టుకునేది గొంతునే.

ఎత్తుగడ కూడా సాయం చేస్తుంది. చరణం చివరి బార్‌లో నాలుగో బీట్ మీద పల్లవి మొదటి మాట అందుకుంటే అది ఒక బీట్ ముందున్న ఎత్తుగడ. పల్లవి లోపల ప్రతి పాదమూ మూడో బీట్ మీద అందుకుంటే అదీ ఒక బీట్ ముందే. బార్ మారినా, పాడేవాళ్లు ఊపిరి తీసి అందుకునే దూరం మారలేదు.

[ఆడియో: పూర్తి మార్పు, గొంతుతో.]

దీన్ని పరీక్షించడానికి క్లిక్‌లో ఒకటో బీట్ గట్టిగా మోగే సెట్టింగ్ తీసేసి, అన్ని బీట్లూ ఒకేలా వినిపించేలా పెట్టి రికార్డ్ చేయండి. నాలుగుకోసారి గట్టిగా మోగే క్లిక్ వాయించేవాళ్లనే తికమక పెడుతుంది. తర్వాత క్లిక్ తీసేసి, మార్పు సంగతి తెలియనివాళ్లకి వినిపించి వాళ్ల పాదం చూడండి. పాదం ఆగకపోతే మార్పు కుదిరినట్టే. పాదం ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటే కార్డ్ మారే చోటు చూసుకోండి. రెండు బార్లు గడిచినా ఆగిపోయే ఉంటే స్నేర్ దగ్గరకే వెళ్లాలి.

ఈ పద్ధతి మధ్యస్థమైన టెంపోలో బాగా పనిచేస్తుంది. 160 దగ్గర వినేవాళ్ల పాదం ప్రతి బీట్‌కీ పడదు, రెండు బీట్లకోసారి పడుతుంది. 3/4 వచ్చాక మొత్తం బార్‌కి ఒకసారే పడాలని చూస్తుంది. అంటే 0.75 సెకన్ల నుంచి దాదాపు 1.1 సెకన్లకి గెంతాలి. అక్కడ రెండు బార్ల వంతెన చాలదు, పాత స్నేర్‌ని నాలుగు బార్లు నడపాలి.

ఇక తిరుగు ప్రయాణం. పల్లవిని ఎనిమిది బార్లు ఉంచితే 24 బీట్లు, సరి సంఖ్య. చివరి స్నేర్ 24వ బీట్ మీద పడుతుంది, చరణంలో ఒకటి మీద కిక్, రెండు మీద స్నేర్ దానికి సహజంగానే అతుక్కుంటాయి. ఏడు బార్లకే ఆపితే 21 బీట్లు, బేసి సంఖ్య. కుడి వైపు ఊగాల్సిన ఒళ్లు ఎడమ వైపు ఉండగా చరణం మొదలవుతుంది. సాహిత్యం ఏడు బార్లకే సరిపోయిందనుకుంటే చివరి స్వరాన్ని ఇంకో బార్ లాగండి, లేదా వాయిద్యాలతో ఆ ఎనిమిదో బార్ నింపండి.

[ఆడియో: చరణం, పల్లవి, మళ్లీ చరణం, మొత్తం ఒకేసారి.]